ఇంటి వైఫైలోకి వచ్చిన పరాయి ఫోను: బ్లాక్ చేస్తే చాలునా, పాస్‌వర్డ్ మార్చవలసిందేనా?

తెనాలి గృహిణి
మా వైఫైకి పద్నాలుగు పరికరాలు కలిపి ఉన్నాయి. రౌటర్ పేజీలో మాది కాని ఫోను ఒకటి రోజూ రాత్రి తొమ్మిది దాటాక కనిపిస్తోంది. దాన్ని బ్లాక్ చేశాను. నాలుగు రోజులకు వేరే చిరునామాతో మళ్ళీ వచ్చింది. పాస్‌వర్డ్ మారిస్తే గేటు కెమెరా, బల్బులు, టీవీ అన్నీ మొదటి నుంచి కలుపుకోవాలి. మార్చకుండా ఆ ఒక్క ఫోనునే శాశ్వతంగా పంపేయడం కుదరదా?

కృష్ణాతీరం
కుదురుతుందండి. ప్రతి పరికరానికీ తయారీలోనే ఒక మ్యాక్ చిరునామా వేస్తారు. మీరు ఒక్కదాన్ని నిషేధించి మిగిలిన లోకానికంతా తలుపు తెరిచి ఉంచారు. దానికి బదులు మీ పద్నాలుగు చిరునామాలను మాత్రమే అనుమతించే జాబితా పెట్టండి. అప్పుడు పాస్‌వర్డ్ తెలిసినవాడికైనా ప్రవేశం దొరకదు, మీరు ఒక్క బల్బును కూడా ముట్టుకోనక్కరలేదు.

విశాఖ నెట్‌వర్క్ పనివాడు
నిషేధం కన్నా అనుమతి జాబితా గట్టిదన్న మాట నిజమే కాని, చిరునామా తయారీలో పడిన చెరగని ముద్ర అన్న మాట ఫోనుల విషయంలో చెల్లిపోయింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 మొదలుకొని ఫోనులు తమ అసలు చిరునామాను దాచి, ఒక్కొక్క వైఫై పేరుకు ఒక్కొక్క కల్పిత చిరునామాను చూపుతున్నాయి. చిరునామాలోని రెండవ అక్షరం 2, 6, A, E లలో ఏదైనా అయితే అది కల్పితమని గుర్తు. అమ్మా, మీరు బ్లాక్ చేసిన చిరునామా, తరువాత వచ్చిన చిరునామా రెండింటిలోనూ ఆ రెండవ అక్షరం చూసి చెప్పండి. మీ రౌటర్ ఒకే పేరుతో ప్రసారం చేస్తోందా, 5జి అని చివర చేర్చిన రెండవ పేరు కూడా ఉందా అన్నది కూడా చెప్పండి.

మోటారు బాధితుడు
అది నిజంగా పరాయిదేనా అని ముందు తేల్చుకోండి. మా ఇంట్లో Espressif అనే పేరుతో ఒకటి కనిపిస్తే పక్కింటివారిని అనుమానించి, పాస్‌వర్డ్ మార్చి, ఆ మరునాడు స్నానానికి నీళ్ళు లేక తెలుసుకున్నాను, అది మా ట్యాంకు మోటారుకు పెట్టిన వైఫై స్విచ్చులోని చిప్పు తయారీదారు పేరని. అప్పటి నుంచి ఏదైనా కొత్త పేరు కనిపిస్తే ఇంట్లోవాటిని ఒక్కొక్కటిగా ఆపి, జాబితాలో ఏది మాయమవుతుందో చూస్తున్నాను.

తెనాలి గృహిణి
ఆ పద్ధతి మొదటే చేశానండి. మావి అన్నీ ఆపినా ఆ ఫోను మిగిలింది. మొదటి చిరునామా `5A:3E:91:0C:77:D4`, రెండవది `B2:07:4F:E8:13:6A`. రెండు పేర్లు ఉన్న మాట నిజమే. ఆలోచిస్తే, మొదటిసారి మామూలు పేరు మీద కనిపించింది, రెండవసారి 5జి పేరు మీద.

విశాఖ నెట్‌వర్క్ పనివాడు
రెండవ అక్షరం మొదటిదానిలో A, రెండవదానిలో 2. రెండూ కల్పితాలే. ఒకే ఫోను రెండు పేర్లకు రెండు ముఖాలు చూపి ఉండవచ్చు, అందులో మీరు ఒకదాన్నే ఆపారు. రెండవదాన్ని ఆపినా, ఫోను సెట్టింగులలో అసలు చిరునామా వాడమని మారిస్తే మూడవ ముఖం వస్తుంది. కృష్ణాతీరం గారి అనుమతి జాబితా దీన్ని ఆపుతుంది గాని, చిరునామాలు గాలిలో గుప్తీకరణ లేకుండానే పోతాయి కనుక, వినగలిగినవాడు మీ టీవీ చిరునామాను తొడుక్కుని రావచ్చు. కాబట్టి పాస్‌వర్డ్ మార్చక తప్పదు. అయితే వరుస ముఖ్యం.

మొదట రౌటర్‌కు కేబుల్‌తో ఒక కంప్యూటర్ కలిపి, `192.168.1.1` లేదా అడుగున స్టిక్కర్ మీద ఉన్న చిరునామాలోకి వెళ్ళి, రౌటర్ పేజీ పాస్‌వర్డ్ మార్చండి. అది admin గానే ఉంటే, లోపల ఉన్నవాడు మీరు పెట్టిన కొత్త వైఫై పాస్‌వర్డ్‌ను ఆ పేజీలోనే చదువుకుంటాడు. రెండవది, పాస్‌వర్డ్ కొట్టకుండా బటనుతోనో పిన్నుతోనో పరికరాలను కలిపే WPS అన్నదాన్ని ఆపండి. దాని ఎనిమిది అంకెల పిన్ను వైఫై పాస్‌వర్డ్ మార్చినా మారదు. ఆ పిన్ను తెలిసినవాడికి రౌటర్ కొత్త పాస్‌వర్డ్‌ను తానే అందిస్తుంది. చివరి అంకె సరిచూపుకు పోగా మిగిలిన ఏడింటిని రౌటర్ రెండు ముక్కలుగా పరీక్షిస్తుంది కనుక పదకొండు వేల ప్రయత్నాలు చాలునని 2011లోనే బయటపడింది. ఆ తరువాతే రెండు పేర్లకూ వైఫై పాస్‌వర్డ్ మార్చండి. గోడకు పెట్టిన ఎక్స్‌టెండర్ ఉంటే దానిలోనూ మార్చాలి. చాలామంది ఒక పేరుకు మార్చి రెండవదాన్ని మరచిపోతారు.

కొత్త పాస్‌వర్డ్‌గా మొబైల్ నంబరు మాత్రం వద్దు. కనెక్షన్ ఇచ్చే కుర్రాళ్ళు అదే పెట్టిపోతారు. మన నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి కనుక మొత్తం 400 కోట్లే. మీ ఫోను వైఫైలో చేరే క్షణంలో జరిగే మాటామంతీని పట్టుకున్నవాడు, మంచి గ్రాఫిక్స్ కార్డుతో ఒక రాత్రిలో అన్నింటినీ సరిచూస్తాడు. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను చిన్న ఇంగ్లీషు అక్షరాలలో కలిపి రాస్తే చాలు, టీవీ రిమోటుతో కొట్టడానికీ తేలిక.

సుళువు దారి
పద్నాలుగింటినీ మళ్ళీ కలపడం ఎందుకు? అసలు నెట్‌వర్క్‌కు కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి. అతిథుల కోసం రౌటర్ విడిగా ఇచ్చే గెస్ట్ నెట్‌వర్క్‌కు పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టండి. బల్బులు, కెమెరా ఏమీ తెలియకుండా అందులో చేరిపోతాయి. మీ ఫోనులు, టీవీ మాత్రం కొత్తదానిలో కలుపుకోండి.

విశాఖ నెట్‌వర్క్ పనివాడు
బల్బులు చేరిపోతాయి, వాటి వెంట ఆ ఫోనూ చేరిపోతుంది! గెస్ట్ నెట్‌వర్క్ నుంచి మీ కంప్యూటర్లు కనిపించకపోవచ్చు గాని, నెట్టు మాత్రం వాడుకుంటూనే ఉంటుంది. గేటు కెమెరాతో ఒకే గదిలో దాన్ని కూర్చోబెట్టడమే నాకు మింగుడుపడని విషయం.

సుళువు దారి
చాలా రౌటర్లలో గెస్ట్ పరికరాలు ఒకదాన్నొకటి చూడలేవు, వేగానికి కూడా హద్దు పెట్టవచ్చు. ఎత్తున ఉన్న కెమెరా కోసం నిచ్చెన ఎక్కలేని ఇంటివారికి ఆ పాటి రాజీ తప్పు కాదని ఇప్పటికీ అంటాను.

కృష్ణాతీరం
చిరునామాల విషయం నేను పాత పరిచయంతో చెప్పాను, ఒప్పుకుంటున్నాను. కాని పాస్‌వర్డ్ మార్చినా అది ఇంట్లోవారి ద్వారానే బయటకు పోతే ఏం లాభం?

తెనాలి గృహిణి
నిన్న చెప్పిన వరుసలోనే అన్నీ మార్చాను, కెమెరా కోసం నిచ్చెన కూడా వేయించాను. రాత్రి మార్చాక కూడా ఆ ఫోను పేరు జాబితాలో కనిపిస్తే గుండె ఆగింది.

విశాఖ నెట్‌వర్క్ పనివాడు
అది రౌటర్ ఇచ్చిన ఐపీ చిరునామాల జాబితా అయి ఉంటుంది. ఇచ్చిన గడువు తీరేదాకా, తరచుగా ఒక రోజు, వెళ్ళిపోయినవారి పేర్లు కూడా అందులో ఉంటాయి. వైర్‌లెస్ విభాగంలో ఇప్పుడు కలిసి ఉన్నవాటి జాబితా వేరే ఉంటుంది, దానినే నమ్మండి.

తెనాలి గృహిణి
ఆ జాబితాలో లేదండి. పాత జాబితాలోంచి కూడా ఈ రాత్రికి పోయింది. అది ఎవరిదో మాత్రం తెలిసింది. పై వాటాలో అద్దెకున్నవారి అబ్బాయి అడిగితే మా మామగారు తన ఫోనులో క్యూఆర్ కోడ్ చూపించారట. ఆ కోడ్‌లో పాస్‌వర్డ్ అక్షరాలా ఉంటుందని ఆయనకు తెలియదు. ఇప్పుడు కొత్త పాస్‌వర్డ్ ఆయన ఫోనులో కూడా పెట్టాలా, మానాలా అన్నది ఇంట్లో నడుస్తున్న చర్చ.

సుళువు దారి
మామగారి ఫోనును గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టండి. ఆయన ఎవరికి కోడ్ చూపించినా గెస్ట్ పాస్‌వర్డే పోతుంది.

విశాఖ నెట్‌వర్క్ పనివాడు
ఈ ఒక్క మాటకు నా ఓటు మీకే. కాని ఆయన టీవీకి ఫోను నుంచి వీడియోలు పంపుతారా అన్నది ముందు కనుక్కోండమ్మా, గెస్ట్‌లోంచి అసలు నెట్‌వర్క్‌లోని టీవీ కనిపించదు.

తెనాలి గృహిణి
రోజూ పంపుతారు. భక్తి పాటలు.