చివరి టైటిల్స్‌లో తప్పెటగుళ్ల బృందం పేర్లు ఎలా వేయాలి?

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం దగ్గర పల్లెల్లో తీసిన మా షార్ట్ ఫిల్మ్ ఎడిటింగ్ అయిపోయింది, చివరి టైటిల్స్ దగ్గర ఆగాం. ముందు నటీనటులు తెర మీద కనిపించిన క్రమంలో, తర్వాత శాఖలవారీగా సాంకేతిక నిపుణులు, ఆ తర్వాత సంగీతం, చివర కృతజ్ఞతలు. ఇంతవరకు తేలిపోయింది.

చిక్కంతా తప్పెటగుళ్ల బృందం దగ్గర. పదహారు మంది ఒకేసారి ఫ్రేములోకి వస్తారు కాబట్టి కనిపించిన క్రమం పనికిరాదు. బృందం పేరు ఒక్కటి వేస్తే చాలంటారు వాళ్ల గురువుగారు. నాకు మనసొప్పడం లేదు, ఎండలో గంటలు గంటలు ఆడింది ఆ మనుషులే కదా. అందుకే బృందం పేరు శీర్షికగా పెట్టి, కింద గురువుగారిని, ఆ తర్వాత మిగతావారిని అక్షరక్రమంలో వేద్దామనుకున్నాను. కానీ కొందరు ఇంటిపేరుతో రాసిచ్చారు, కొందరు ఉత్త పేరే ఇచ్చారు. ఇంటిపేరును బట్టి వరస కట్టాలా, అసలు పేరును బట్టా?

ఇంకొకటి. మొదటి ఎడిటర్ రఫ్ కట్ చేసి మధ్యలో వెళ్లిపోయారు, ఫైనల్ కట్ వేరొకరిది. సగానికి పైగా సీన్లు మొదటాయన కూర్చినట్టే ఉన్నాయి. ‘అదనపు ఎడిటింగ్’ అని వేస్తే ఆయన పని తగ్గించినట్టవుతుందేమో. ఇద్దరినీ ‘ఎడిటింగ్’ కిందే వేస్తే ఎవరి పేరు ముందుండాలి? ఇలాంటివి తేల్చుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. పేర్లన్నీ ఎవరివి వాళ్లకు చూపించి, సరేనన్నాకే ఎక్కిస్తాం.