ప్రతి గురువారం పూట సెలవు: ఒకేసారి అడగాలా, వారం వారం అడగాలా?

దర్శి దారి: ఒంగోలులో గ్రానైట్ ఆఫీసు, అకౌంట్స్ పని. 10 నుంచి 6. జూన్ 4 నుంచి 24 వారాలు గురువారం మధ్యాహ్నం కోర్సు, 75 శాతం హాజరు ఉండాలి. ఒకటిన్నరకి బయటపడాలి. ముందే అంతా చెప్పేస్తే "వీడు వేరే ఉద్యోగం చూసుకుంటున్నాడు" అనుకుంటారేమో. వారం వారం అడిగితే నమ్మకం పోతుందేమో. ఏది మేలు?

కావలి కుర్రోడు: ఏమీ చెప్పొద్దన్నా. షాపుల చట్టం కింద ఏడాదికి 12 సీఎల్‌లు మన హక్కు. 24 అరపూటలంటే సరిగ్గా 12. లెక్క సరిపోయింది గదా!

గుండ్లకమ్మ: కూడిక వరకు కరెక్టే. అయితే చట్టం రోజుల లెక్కే చెబుతుంది. అరపూట సీఎల్ ఇవ్వాలో వద్దో ఆఫీసు ఇష్టం. ఇచ్చినా నవంబర్ 12 వచ్చేసరికి చేతిలో ఒక్కటీ మిగలదు. ఇంట్లో పెళ్లో చావో వస్తే ఏం పెడతాడు? దానికంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. బుధవారం రాత్రి "రేపు మధ్యాహ్నం ఉండను సార్" అని మెసేజ్ పెడితే, ఓనరు ఆ పూట ఎవరితో నడపాలో అప్పటికప్పుడు చూసుకోవాలి. అలా 24 సార్లు. పేరు చెడేది సెలవు వల్ల కాదబ్బా, ఆ వెతుకులాట వల్ల. ఒకేసారి అడగాలి, తేదీలతో సహా.

తేదీలు ఎందుకంటే, క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. జూన్ 4 నుంచి నవంబర్ 12 దాకా 24 గురువారాలు. వాటిలో జీఎస్టీ, పీఎఫ్, ఈఎస్ఐ గడువు రోజున పడేవి మూడే. జూన్ 11న GSTR-1, ఆగస్టు 20న GSTR-3B, అక్టోబర్ 15న పీఎఫ్, ఈఎస్ఐ. ఆ మూడు రోజులూ కదలనని మీరే ముందు రాయండి. 75 శాతమంటే 18 క్లాసులు, ఆరు వదులుకోవచ్చు. మూడు గడువులకి పోతే ఇంకో మూడు చేతిలో ఉంటాయి.

పెన్నా గట్టు: మాది ముత్తుకూరు వైపు రొయ్యల ప్లాంటు. లోడు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. క్యాలెండర్ చూపిస్తే సూపర్‌వైజర్ నవ్వుతాడు. చదువుకోవాలంటే జీతం లేని సెలవు పెట్టి పూర్తిగా వెళ్లిపోవడమే.

గుండ్లకమ్మ: ఆయన అడిగింది వారానికి ఒక పూట గురించి బాబాయ్, ఉద్యోగం ఆపడం గురించి కాదు. లోడును బట్టి నడిచే పనికి నా లెక్క కుదరదు, అది ఒప్పుకుంటా. కానీ అలాంటి చిక్కు ఇక్కడా ఉంది. గురువారం మధ్యాహ్నం లారీ బయలుదేరితే ఈ-వే బిల్లు ఎవరు తీస్తారు? ఓనరు అడిగే మొదటి ప్రశ్న అదే.

మీ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు. ఈ-వే బిల్లు పోర్టల్‌లో సబ్-యూజర్ పెట్టే వీలుంది, డిస్పాచ్ చూసే అబ్బాయికి విడిగా లాగిన్ చేయించండి. ఎక్కువగా తప్పు పోయేది బండి నంబరు దగ్గర. సరుకు వివరాలో విలువో తప్పితే 24 గంటల్లోపు రద్దు చేసి కొత్తది తీయాలి. ఆ అబ్బాయి చేత మే నెలలోనే మీ ఎదుట పది బిల్లులు చేయించండి. అడిగేది ఆ తర్వాతే.

కాగితం ఇలా చాలు:

"సార్, జూన్ 4 నుంచి నవంబర్ 12 వరకు గురువారాలు మధ్యాహ్నం ఒకటిన్నరకి వెళ్లడానికి అనుమతి కోరుతున్నాను, కోర్సు కోసం. జూన్ 11, ఆగస్టు 20, అక్టోబర్ 15 తేదీల్లో ఆఫీసులోనే ఉంటాను. ఈ-వే బిల్లులు డిస్పాచ్‌లో నేర్పించాను. మొదటి నాలుగు వారాలు చూసి చెప్పండి."

చివరి వాక్యం తీసేయొద్దు. ఆరు నెలలకి సరేననడం ఎవరికైనా బరువే, నాలుగు వారాలకి తేలిక.

సింగరాయకొండ అక్క: అంతా బాగుంది గానీ, పోయిన గంటల మాట రాయలేదేం? మిగతా రోజుల్లో సాయంత్రం ఇంకో గంట ఉంటానని రాస్తే సగం గొడవ తీరుతుంది. పొద్దున తొమ్మిదికి వచ్చినా లాభం లేదు, చూసేవాళ్లు ఉండరు.

కావలి కుర్రోడు: ఉచితంగానా అక్కా? కోర్సు అయిపోయినా ఆ గంట పోదు. రేపు పక్క సీటు వాళ్లని కూడా అడుగుతారు.

సింగరాయకొండ అక్క: నవంబర్ 12తో ఆఖరని రాసుకుంటే ఎందుకు పోదు?

గుండ్లకమ్మ: ఇందులో నేను కావలి తమ్ముడి పక్షమే. ముందు సీఎల్ లేకుండా అనుమతి అడగండి. గంటల సంగతి వాళ్లే ఎత్తితే అప్పుడు చూసుకోవచ్చు.

దర్శి దారి: కోర్సు పేరు రాయాలా? డిస్పాచ్ అబ్బాయే గురువారం రాకపోతే?

గుండ్లకమ్మ: పనికొచ్చే కోర్సయితే పేరు రాయండి, కాకపోతే "కోర్సు" అంటే చాలు. అడిగితే మాత్రం దాచొద్దు. ఆ అబ్బాయి రాని రోజు మీరు క్లాసుకి పోకూడదు. చేతిలో ఉంచుకున్న ఆ మూడు అందుకే.