‘ధర చెబితే చాలు’ అనవచ్చునా?

వసుంధర (చెన్నై):
సభ్యులకు నమస్కారం. పెద్ద లీనియర్ ప్రోగ్రామును ఒక మాస్టర్ సమస్యగానూ కొన్ని సబ్‌ప్రాబ్లంలుగానూ విడదీసి సాధించే పద్ధతిని, సమీకరణాలేవీ లేకుండా విద్యార్థులకు తెలుగులో వివరించే పాఠం ఒకటి రాస్తున్నాను. అందులో ఒక వాక్యం మీద మీ అభిప్రాయం కావాలి: “అందరికీ ఉమ్మడిగా ఉన్న వనరుకు మాస్టర్ ఒక ధర చెబితే చాలు, మిగతా లెక్క ఎవరిది వారు చూసుకుంటారు.”

నేను తీసుకున్న ఉదాహరణ కల్పితమైనది. ఒక సంస్థకు అంబత్తూరులో ఒక యూనిట్, శ్రీపెరుంబుదూరులో ఇంకొకటి ఉన్నాయనుకుందాం. ఎవరి యంత్రాలు, ఎవరి పనివారు వారికే ఉన్నా, హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్ మాత్రం రెండింటికీ ఒక్కటే, అది వారానికి 120 గంటలు పనిచేస్తుంది. అంబత్తూరు యూనిట్ వారానికి మొత్తం 40 బ్యాచ్‌లు చేయగలదు. అందులో పెద్ద గేర్ల బ్యాచ్‌కు 3 వేల రూపాయల లాభం, 2 గంటల ఫర్నేస్. చిన్న గేర్ల బ్యాచ్‌కు 2 వేల లాభం, 1 గంట ఫర్నేస్. శ్రీపెరుంబుదూరులో చేసేది షాఫ్టులు మాత్రమే: 30 బ్యాచ్‌ల వరకు, ఒక్కో బ్యాచ్‌కు 4 వేల లాభం, 2 గంటల ఫర్నేస్. ఈ ఉదాహరణకు పై వాక్యం సరిపోతుందా?

శ్రీనివాస్ (బెంగళూరు):
వసుంధర గారూ, వాక్యం చదవడానికి హాయిగా ఉంది కానీ, నాకు తెలిసినంతవరకు మాస్టర్ చేసే పని ధర చెప్పడం కాదు, గంటలు పంచడం. అంబత్తూరుకు 60, శ్రీపెరుంబుదూరుకు 60 అని మాస్టర్ కేటాయిస్తే, ఆ గంటలలో తమకు సాధ్యమైనంత లాభం ఎంతో, ఇంకొక గంట దొరికితే ఎంత పెరుగుతుందో యూనిట్లు తిరిగి చెబుతాయి. దాన్ని బట్టి మాస్టర్ పంపకాన్ని సరిచేస్తుంది. కాబట్టి “గంటలు పంచితే చాలు” అని మార్చితే సరిపోతుంది.

రాఘవయ్య (బెంగళూరు):
శ్రీనివాస్ గారు చెప్పిన మార్గం నిజంగా ఉన్నదే. 1962లో బెండర్స్ ప్రతిపాదించిన పద్ధతి ఆ కోవకు దగ్గరగా ఉంటుంది: ఉమ్మడి నిర్ణయాన్ని మాస్టర్ తీసుకుంటుంది, దాని ఫలితమెంతో సబ్‌ప్రాబ్లంలు చెబుతాయి. వసుంధర గారు రాస్తున్నది దానికి ఎదురు దిక్కున నడిచే పద్ధతి. దానిని 1960లో డాంట్‌జిగ్, వుల్ఫ్ ప్రచురించారు. ఇందులో మాస్టర్ నుంచి ధరలు కిందికి వెళ్తాయి, యూనిట్ల నుంచి ప్రణాళికలు పైకి వస్తాయి. రెండింటినీ ఒకే వాక్యంలో కలపకపోవడం మంచిది.

ఇక వాక్యం సంగతి. అందులో తప్పుదారి పట్టించేది ‘చాలు’ అన్న మాటే, ఎందుకో మీ ఉదాహరణతోనే చూపిస్తాను.

మొదట ఫర్నేస్ ఉచితమని చెప్పండి. అంబత్తూరు 40 బ్యాచ్‌లూ పెద్ద గేర్లే చేస్తానంటుంది: 120 వేల లాభం, 80 గంటలు. శ్రీపెరుంబుదూరు 30 బ్యాచ్‌ల షాఫ్టులు చేస్తానంటుంది: 120 వేల లాభం, 60 గంటలు. కలిపితే 140 గంటలు, ఉన్నవి 120. మాస్టర్‌కు యూనిట్ల లోపలి యంత్రాల గురించి ఏమీ తెలియదు. దాని చేతిలో ఉన్నవి ఈ రెండు ప్రతిపాదనలు, ‘ఏమీ చేయకుండా ఊరుకోవడం’ అనే ఇంకొక అవకాశం మాత్రమే. ఏ ప్రతిపాదనను ఎంత భాగం అమలు చేయాలన్నదే దాని ప్రశ్న. గంటకు షాఫ్టులు 2 వేలు తెస్తాయి, పెద్ద గేర్లు ఒకటిన్నర వేలు. కనుక షాఫ్టుల ప్రతిపాదనను పూర్తిగానూ, మిగిలిన 60 గంటలలో గేర్ల ప్రతిపాదనను ముప్పాతిక వంతుగానూ తీసుకుంటుంది. లాభం 210 వేలు. ఫర్నేస్‌కు ఇంకొక గంట దొరికితే అది గేర్లకే పోతుంది, ఒకటిన్నర వేలు తెస్తుంది. కాబట్టి మాస్టర్ ప్రకటించే ధర గంటకు 1,500 రూపాయలు.

ఈ ధరకు యూనిట్లను మళ్లీ అడగండి. ఫర్నేస్ అద్దె తీసేస్తే అంబత్తూరుకు పాత ప్రణాళికలో మిగిలేది సున్నా. అదే 40 బ్యాచ్‌లూ చిన్న గేర్లు చేస్తే 80 వేలలో అద్దె 60 వేలు పోను 20 వేలు మిగులుతుంది. అందుచేత కొత్త ప్రతిపాదన వస్తుంది: 80 వేల లాభం, 40 గంటలు. శ్రీపెరుంబుదూరుకు పాతదానికన్నా మెరుగైనది లేదు. ఇప్పుడు మాస్టర్ షాఫ్టులను పూర్తిగా ఉంచి, అంబత్తూరు పాత ప్రతిపాదనలో సగాన్నీ కొత్తదానిలో సగాన్నీ కలుపుతుంది. గంటలు సరిగ్గా 120 అవుతాయి, లాభం 220 వేలకు చేరుతుంది. అంబత్తూరు ప్రణాళికను పూర్తిగా చిన్న గేర్ల నుంచి పూర్తిగా పెద్ద గేర్లకు మార్చడానికి 40 గంటలు అదనంగా పడతాయి, 40 వేలు అదనంగా వస్తాయి. అంటే ఫర్నేస్ గంట విలువ ఇప్పుడు 1,000 రూపాయలు.

ఆ ధరకు మూడోసారి అడిగితే, ఏ యూనిట్ దగ్గరా మాస్టర్ చేతిలో ఉన్నదానికన్నా మెరుగైన ప్రతిపాదన ఉండదు. లెక్క అక్కడ ఆగుతుంది, 220 వేలే అత్యధిక లాభం. అయితే ఈ ధర వద్ద అంబత్తూరుకు అన్నీ పెద్ద గేర్లు చేసినా, అన్నీ చిన్నవి చేసినా మిగిలేది ఒకే 40 వేలు. దానికి రెండూ సమానమే. ధర గంటకు వెయ్యి కన్నా కొద్దిగా తగ్గితే 40 బ్యాచ్‌లూ పెద్దవే చేస్తుంది, మొత్తం 140 గంటలు కావాలంటుంది. కొద్దిగా పెరిగితే అన్నీ చిన్నవే చేసి, 100 గంటలతో సరిపెట్టుకుని 20 గంటల ఫర్నేస్‌ను ఖాళీగా వదిలేస్తుంది. మనకు కావలసిన ఇరవై పెద్దవి, ఇరవై చిన్నవి అన్న సమాధానాన్ని ఏ ధరా దాని చేత ఖచ్చితంగా చెప్పించలేదు. అది పాత ప్రతిపాదనలను గుర్తుంచుకుని కలపగల మాస్టర్ వద్దనే పుడుతుంది. కాబట్టి ధర చెబితే చాలదు; చివరికి “నీవు ఈ రెండు ప్రణాళికలను ఇంతింత కలిపి చేయి” అని మాస్టర్ స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది.

వసుంధర (చెన్నై):
రాఘవయ్య గారూ, ఎంతో స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. మొదట 1,500, తరువాత 1,000 అన్నారు. మొదటి ధర తప్పయితే, ఆ తప్పు ధర మీద యూనిట్లను నడిపించడం ఎందుకు?

రాఘవయ్య (బెంగళూరు):
మొదటి ధర మాస్టర్‌కు అప్పటికి తెలిసిన ప్రతిపాదనల మేరకు నిజమే. అంబత్తూరు చిన్న గేర్లు కూడా చేయగలదని దానికి తెలియదు గనుక గంటకు అంత విలువ కట్టింది. అటువంటి ధర కూడా రెండు విధాల పనికివస్తుంది. ఒకటి, మాస్టర్‌కు తెలియని ప్రతిపాదనను బయటికి రప్పిస్తుంది. రెండోది, ఎంత లాభాన్ని ఎప్పటికీ దాటలేమో చెబుతుంది. 1,500 ధర వద్ద 120 గంటల ఫర్నేస్ విలువ 180 వేలు. అద్దె పోను అంబత్తూరుకు మిగిలేది 20 వేలు, శ్రీపెరుంబుదూరుకు 30 వేలు. మొత్తం 230 వేలు. అసలు సమాధానం దీనిని మించదు. చేతిలో 210 ఉంది, పైకప్పు 230 అని తెలిసినప్పుడు, ఇంకా ఎంత దూరం ఉందో కొలిచి మరీ ఆగవచ్చు.

పెద్ద సమస్యలలో ఈ కొలతే ఆధారం. యాభై యూనిట్లు, ఒక్కొక్క దానికి 2,000 సొంత నిబంధనలు, 30 ఉమ్మడి నిబంధనలు అనుకుంటే, అంతా ఒకే ప్రోగ్రాముగా రాసినప్పుడు లక్ష పైచిలుకు వరుసలు వస్తాయి. మాస్టర్‌లో మాత్రం ఉమ్మడివి 30, ఒక్కొక్క యూనిట్‌కు ‘నీ ప్రతిపాదనల భాగాలు కలిపి ఒకటి కావాలి’ అన్న వరుస చొప్పున 50, మొత్తం 80 వరుసలే ఉంటాయి. కష్టమంతా చివరి మెట్ల దగ్గర వస్తుంది. మొదటి కొన్ని రౌండ్లలో లాభం వేగంగా పెరిగి, తరువాత ధరలు అటూ ఇటూ ఊగుతూ ఉంటాయి, లాభం మాత్రం దాదాపు కదలదు. అప్పుడు అనుభవజ్ఞులు ధరలను ఇంతవరకు దొరికిన మంచి ధరల చుట్టుపక్కలే ఉండేలా కట్టడి చేస్తారు, లేదా తేడా చాలినంత తగ్గిందని ఆపేస్తారు. మీ ఉదాహరణలో మరొక సౌలభ్యం ఉంది: ‘ఊరుకోవడం’ అనుమతించబడింది. కనీసం ఇన్ని బ్యాచ్‌లు పంపాలన్న ఒప్పందం ఉంటే ఆ వెసులుబాటు ఉండదు. మాస్టర్ మొదలు పెట్టడానికి భారీ జరిమానాతో కూడిన కృత్రిమ ప్రతిపాదనలు చేర్చవలసి వస్తుంది, వాటి వల్ల తొలి ధరలు విపరీతంగా ఉంటాయి.

శ్రీనివాస్ (బెంగళూరు):
దిక్కు తిరగవేసి చెప్పానని ఇప్పుడు అర్థమైంది. అయినా ఒక్క మాట. ఇక్కడ గంటలు పంచే పద్ధతిలో ఈ ఊగిసలాట రాదు కదా? అంబత్తూరుకు 60 గంటలు అని చెప్పగానే అది ఇరవై, ఇరవై అని తనంతట తానే చెప్పేది.

రాఘవయ్య (బెంగళూరు):
ఈ ఒక్క వనరు, రెండు యూనిట్ల ఉదాహరణలో మీరన్నది నిజం. ఉమ్మడి వనరులు ముప్పై అయినప్పుడు ఏ యూనిట్‌కు ఏది ఎంతన్న కేటాయింపు వెయ్యిన్నర అంకెలుగా మారుతుంది, ధరలు ముప్పైయే ఉంటాయి. ఏది నయమన్నది సమస్యను బట్టి మారుతుంది. ఇదే మెరుగని నేను తీర్పు చెప్పలేను.

ఫణి (బెంగళూరు):
నేను ఈ పద్ధతిని వేరే పనిలో వాడుతున్నాను గనుక అడుగుతున్నాను, మన్నించండి. వైట్‌ఫీల్డ్‌లోని ఒక ఆఫీసుకు రాత్రి షిఫ్టు ఉద్యోగులను క్యాబ్‌లలో ఇళ్లకు చేర్చే ప్రణాళిక చేస్తున్నాం. ఒక్కొక్క ప్రతిపాదన అంటే ఒక క్యాబ్ వెళ్లే మార్గం. మహిళా ఉద్యోగిని చివర ఒంటరిగా దిగకూడదు వంటి నియమాలు సబ్‌ప్రాబ్లంలోనే పెట్టాం, ప్రతి ఉద్యోగీ ఒక్కసారి కచ్చితంగా ఇల్లు చేరాలన్నది మాస్టర్‌లో ఉంది. లెక్క చక్కగా ముగుస్తుంది కానీ, చివరికి ఈ మార్గంలో సగం, ఆ మార్గంలో సగం అని చెబుతుంది. గేర్లయితే సగం ప్రణాళిక అంటే ఇరవై బ్యాచ్‌లు. సగం క్యాబ్‌ను పంపించేదెలా?

వసుంధర (చెన్నై):
ఇది నా పాఠంలో కూడా చెప్పవలసిన హద్దే. అంబత్తూరులో సైతం పెద్ద గేర్ల నుంచి చిన్న గేర్లకు యంత్రాన్ని మార్చడానికి సగం రోజు పడితే, సగం సగం అన్న సమాధానం అలాగే నిలవదు కదా?

రాఘవయ్య (బెంగళూరు):
నిలవదు. ప్రతిపాదనలను భాగాలుగా కలపవచ్చన్నది లీనియర్ లెక్క ఇచ్చిన అనుమతి. మార్పిడికి సమయం పట్టగానే రెండు ప్రణాళికల మిశ్రమం తానే ఒక ప్రణాళికగా చెల్లుతుందన్న హామీ పోతుంది.

ఫణి గారూ, మీ సందర్భంలో సహజంగా తోచేది సగం వచ్చిన మార్గాన్ని నిషేధించడం. అది పనిచేయదు. నిషేధించిన వెంటనే సబ్‌ప్రాబ్లం దాదాపు అదే మార్గాన్ని ఇద్దరి క్రమం మాత్రం మార్చి తిరిగి పంపుతుంది. అంతేకాక, నిషేధించిన ప్రతి మార్గాన్నీ సబ్‌ప్రాబ్లం విడిగా గుర్తుంచుకోవలసి వస్తుంది. 1981లో రయన్, ఫోస్టర్ చూపిన దారి ఇక్కడ నప్పుతుంది. కొన్ని సగం మార్గాలలో కలిసి, మరికొన్నిటిలో విడిగా కనబడే ఇద్దరు ఉద్యోగులను ఎంచుకోండి. వారిని బట్టి సమస్యను రెండు శాఖలుగా చీల్చి, ఒక్కొక్క దాన్ని విడిగా సాధించండి: వారిద్దరూ ఒకే క్యాబ్‌లో వెళ్లితీరాలన్నది ఒక శాఖ, ఒకే క్యాబ్‌లో వెళ్లకూడదన్నది రెండో శాఖ. ఈ రెండు నియమాలనూ సబ్‌ప్రాబ్లంకు తేలికగా చెప్పవచ్చు, ధరల లెక్క కూడా చెడదు.

ఫణి (బెంగళూరు):
అర్థమైంది. కానీ మా సబ్‌ప్రాబ్లం మార్గాన్ని ఒక్కొక్క మజిలీగా పొడిగిస్తూ వెళ్తుంది. వెళ్లకూడదన్న జంటలు ఎక్కువైతే అది నెమ్మదిస్తుందేమో?

రాఘవయ్య (బెంగళూరు):
నెమ్మదిస్తుంది. కలిసి వెళ్లాలన్న శాఖలో, ఇద్దరూ వరుసగా దిగేవారైతే, వారిని ఒకే ప్రయాణికుడిగా ముడివేయవచ్చు గనుక సమస్య చిన్నదవుతుంది. వెళ్లకూడదన్న శాఖలో ఎవరు ఇప్పటికే ఎక్కారో గుర్తుంచుకుంటూ పోవాలి. అందుకే కలిపే శాఖను ముందు వెదికి చూడండి. రెండో శాఖలో ఎంత లోతు వరకు భరించగలరన్నది మీ ఉద్యోగుల చిరునామాలు ఎలా పరచుకుని ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుంది, దానికి ఇక్కడి నుంచి అంచనా ఇవ్వలేను.

వసుంధర (చెన్నై):
వాక్యాన్ని ఇలా మార్చాను: “మాస్టర్ ధర చెబుతుంది, యూనిట్లు ప్రతిపాదనలు పంపుతాయి, వచ్చిన ప్రతిపాదనలను ఎంతెంత కలపాలో మాస్టరే తేలుస్తుంది.” హద్దు గురించిన మాటను, మార్పిడి సమయం గురించి ఇంకొక ఉదాహరణ తయారయ్యాక, వేరే పేరాలో చేరుస్తాను.