గీజర్ నీళ్లు గోరువెచ్చగానే: థర్మోస్టాటా, సున్నమా?

విజయనగరంలో బోరు నీళ్ల మీద నడుస్తున్న 15 లీటర్లు, 2000 వాట్ల గీజర్ అండి. మెయిన్ ఆపి, వైర్లు విప్పి మల్టీమీటర్‌తో చూస్తే ఎలిమెంట్ 27 ఓమ్‌లు చూపించింది. 230 వోల్టులకు రావలసింది దాదాపు 26.5, కాబట్టి కాయిల్ బాగానే ఉన్నట్టే. బాడీకి లీకేజీ కూడా లేదు.

చిక్కల్లా ఎర్రలైటుతోనే. 25 డిగ్రీల నీళ్లు 60కి రావడానికి 18 నిమిషాలైనా పట్టాలి. ఇది నాబ్ చివరిదాకా తిప్పినా 8 నిమిషాలకే ఆరిపోతోంది. అప్పటికి నీళ్లు 40 డిగ్రీలే. డ్రెయిన్ చేస్తే తెల్లటి పెచ్చులు రాలాయి.

ఎలిమెంట్‌కు పట్టిన సున్నం వేడిని పట్టి ఉంచి, పక్కనున్న థర్మోస్టాట్ గొట్టాన్ని ముందే వేడెక్కించేస్తోందా? లేక థర్మోస్టాటే తొందరగా కట్ అవుతోందా? దాని కడ్డీని థర్మామీటర్‌తో పాటు వేడినీళ్లలో ముంచి, ఎన్ని డిగ్రీలకు కంటిన్యుటీ పోతుందో చూస్తే తేలుతుందా? ఫ్లాంజ్ విప్పితే గాస్కెట్ కొత్తది వేయాల్సిందేనా?