అప్‌డేట్: సంతాప సందేశం తిరగరాశాను

నేను అడిగింది: కొలీగ్ వాళ్ల నాన్నగారు పోయారు. హడావుడిగా రాసిన మెసేజ్ పేపర్ ప్రకటనలా ఉంది, ఎలా మార్చను?

అప్‌డేట్: ముందు ‘ఆకస్మిక మరణం’, ‘తీవ్ర దిగ్భ్రాంతి’ తీసేశాను. ఆయన ఎనిమిది నెలలుగా మంచంలోనే ఉన్నారు, ఇంక ఆకస్మికం ఎక్కడిది! ఎక్కడో చూసి దింపానని ఇట్టే తెలిసిపోయేది. ‘ప్రగాఢ సానుభూతి’ బదులు నాకు గుర్తున్నది రాశాను: “మీ ఇంటికొచ్చిన రోజు అంకుల్ నేను బస్సెక్కేదాకా స్టాపులోనే నిలబడ్డారు. సీటు దొరికిందా అమ్మా అని కిటికీ దగ్గరికొచ్చి అడిగారు.”

‘ఏ సాయం కావాలన్నా చెప్పు’ కూడా కొట్టేసి, “ఈ వారం నీ రిపోర్టులు నేను పంపిస్తాను, దీనికి రిప్లై ఇవ్వక్కర్లేదు” అని ముగించాను.

అయినా రాత్రి పదకొండింటికి రిప్లై వచ్చింది: “అమ్మకి చదివి వినిపించాను. సీటు సంగతి నాన్న అందర్నీ అడిగేవారు.”