BLEU ఎక్కువ వచ్చిన అనువాదమే తప్పుగా ఉంటోంది, ఏ మోడల్‌ని నమ్మాలి?

హనుమకొండ నుంచి రాస్తున్నాను. గోండి వాక్యాలను తెలుగులోకి మార్చే రెండు మోడళ్లు తయారుచేశాను. టెస్టుకు 400 వాక్యాలు, ఒక్కోదానికి ఒకే రిఫరెన్స్. `sacrebleu`లో మొదటిదానికి 11.2, రెండోదానికి 7.8 వచ్చాయి. కానీ చదివితే రెండోదే మేలనిపిస్తోంది.

ఒక వాక్యం చూడండి.

రిఫరెన్స్: మా ఊళ్లో మూడు రోజులుగా నీళ్లు రావడం లేదు
మొదటిది: మా ఊళ్లో మూడు రోజులుగా నీళ్లు వస్తున్నాయి
రెండోది: మూడ్రోజుల నుంచి మా ఊరికి నీళ్లు రావట్లేదు

మొదటిదాంట్లో అర్థమే తిరగబడింది, అయినా వరుసగా ఐదు పదాలు కలిశాయి. రెండోది సరైనదే, కానీ కలిసినవి ‘మా’, ‘నీళ్లు’ రెండే. మన దగ్గర మాట్లాడేది కూడా అట్లనే కదా!

అక్షరాల మీద లెక్కించే chrF పెట్టి చూశాను. తేడా తగ్గింది గానీ ఈ వాక్యంలో మొదటిదే ముందుంది. COMET కూడా నడిపాను. దాని వెనకున్న XLM-R గోండి నేర్చుకోలేదు కాబట్టి ఆ స్కోరు మీద నాకు నమ్మకం లేదు. ఉట్నూరు వైపు గోండి, తెలుగు రెండూ వచ్చిన ముగ్గురితో 50 వాక్యాలకు 1 నుంచి 5 మార్కులు వేయించాను. ఒకే వాక్యానికి ఒకరు 2 వేస్తే మరొకరు 4 వేశారు.

వాళ్లు ఇంకొక్క రోజే సమయం ఇవ్వగలరు. ఆ ఒక్క రోజులో మార్కులు మానేసి, రెండు అనువాదాలూ పక్కపక్కన పెట్టి ఏది మేలో చెప్పించుకుంటే నమ్మదగ్గ తేడా తేలాలంటే కనీసం ఎన్ని వాక్యాలు చూపించాలి?