టీవీలో పీసీఎం పెడితే వెనుక స్పీకర్లు మూగబోతున్నాయి, బిట్‌స్ట్రీమ్‌లో మాట ఆలస్యమవుతోంది

మా టీవీలోని యాప్‌ల ధ్వని ఏఆర్‌సీ పోర్టు ద్వారా 5.1 రిసీవర్‌కు వెళ్తుంది. టీవీ సెట్టింగులో PCM ఎంచుకుంటే రిసీవర్ మీద ‘PCM 2.0’ అని పడుతుంది, వెనుక స్పీకర్లు పలకవు. Bitstream పెడితే ‘Dolby Digital Plus’ అని వస్తుంది, వర్షం చప్పుడు చుట్టుముడుతుంది. ఆ అనుభూతిని వదులుకోవాలని లేదు. కానీ అప్పుడు మాటలు పెదవుల కదలిక కంటే వెనకబడుతున్నాయి.

నాకు తెలిసినంతలో, పీసీఎంలో డాల్బీని టీవీయే విప్పుతుంది. అలా విప్పిన ధ్వనిలో రెండు ఛానెళ్లకు మించి ఏఆర్‌సీ మోయలేదు. బిట్‌స్ట్రీమ్‌లో ఆ పని రిసీవర్‌ది. రిసీవర్‌లో ఆలస్యాన్ని పెంచే అమరిక ఉంది గానీ తగ్గించేది లేదు. టీవీలో ధ్వనిని ముందుకు జరిపే అమరికతో ఇది సర్దుకుంటుందా? లేక ఈఏఆర్‌సీ ఉన్న టీవీ, రిసీవర్ రెండూ కొని బహుళ ఛానెళ్ల పీసీఎం పంపడమే మార్గమా? అలా చేసినవారు దయచేసి చెప్పండి.